సిరిమాను సంబరం నాలుగు గంటలు, టైమ్‌ల్యాప్స్ నిమిషంన్నర: వేగం లెక్క, ఫ్లికర్ వైద్యం

విజయనగరంలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, కొసన పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి మానును ఊరేగించే పైడితల్లమ్మ సిరిమాను రోజు, కోట వైపు ఉన్న ఏ మేడ మీద చూసినా ఒక కెమెరా స్టాండు కనిపిస్తుంది. సాయంత్రానికి చాలామంది చేతిలో మూడు నాలుగు గంటల వీడియో మిగులుతుంది. దాన్ని ఎడిటింగ్‌లో స్పీడు పెంచితే మొదటి చూపులోనే రెండు తప్పులు బయటపడతాయి. జనం నడవరు, ఎగిరెగిరి పడతారు. బొమ్మ మొత్తం చీకటి వెలుగుల మధ్య కొట్టుకుంటుంది. మొదటిది ఫ్రేములు ఏరే పద్ధతి వల్ల వచ్చేది, రెండోది ఫ్లికర్. ఫ్లికర్‌కు మందు ఒకటి కాదు, ఎందుకంటే అది పుట్టే చోట్లు నాలుగైదు ఉన్నాయి. ఏ రకమో తెలియకుండా డీఫ్లికర్ ఫిల్టర్ వేస్తే ఉన్న తప్పు పోదు సరికదా, ఇంకోటి వచ్చి చేరుతుంది.

మధ్యాహ్నం 2 నుంచి సాయంత్రం 6 దాకా, కదలని కెమెరాతో, సెకనుకు 25 ఫ్రేముల చొప్పున తీసిన 1080 వీడియో మన దగ్గర ఉందనుకుందాం. ఫ్రేములో కింద రోడ్డు, పక్కన కోట గోడ, పైన ఆకాశం. కెమెరాలోనే ఉండే టైమ్‌ల్యాప్స్ మోడ్ ఎందుకు వాడకూడదని అడగొచ్చు. సిరిమాను ఎప్పుడు వస్తుందో, ఫ్రేములో ఎంతసేపు ఉంటుందో ముందే చెప్పలేం. ఆ మోడ్‌లో వేగం ముందే ఖాయం చేసుకోవాలి. మామూలు వీడియో తీస్తే ఏ ముక్క ఎంత వేగంగా నడవాలో తర్వాత ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

తీసేటప్పుడు

సెకనుకు 50 మెగాబిట్ల దగ్గర నాలుగు గంటల వీడియో సుమారు 90 జీబీ అవుతుంది. 128 జీబీ కార్డు సరిపోతుంది. కెమెరా బ్యాటరీ అంతసేపు నిలవదు కాబట్టి పవర్ బ్యాంకుకు కలిపే డమ్మీ బ్యాటరీ పెట్టండి. పండగ పూట ఇంటి కరెంటును నమ్ముకోకండి. స్టాండు కాళ్లు పూర్తిగా చాపకుండా పొట్టిగా ఉంచి, మధ్యలో ఇసుక సంచి వేలాడదీయండి. చూడ్డానికి మేడెక్కిన జనం అటూ ఇటూ నడిస్తే శ్లాబు అదురుతుంది. ఆ అదురు మామూలు వేగంలో కంటికి ఆనదు గానీ 240 రెట్ల వేగంలో బొమ్మంతా వణికినట్టు కనిపిస్తుంది. కెమెరా స్టాండు మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపేయాలి. లేకపోతే లేని కదలికను దిద్దబోయి ఫ్రేమును మెల్లగా జరుపుతూ పోతుంది.

మాన్యువల్‌లోకి మార్చాల్సినవి మూడు: ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్. ఎక్కువ మంది మొదటిది మార్చి రెండోది మరిచిపోతారు. ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉంటే రోడ్డు నిండా పసుపు, ఎరుపు చీరలు వచ్చినప్పుడల్లా కోట గోడ నీలంలోకి జారుతుంది. దీన్ని వెలుతురు ఫ్లికర్‌ను దిద్దే ఫిల్టర్లు పట్టుకోలేవు, అవి రంగు జోలికి వెళ్లవు. 5600 కెల్విన్ దగ్గర కట్టేసి వదిలేయండి. సాయంత్రం దీపాలు వెలిగాక బొమ్మ పసుపెక్కుతుంది, అది అలాగే అందంగా ఉంటుంది.

షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని మీద వెలిగే దీపాల వెలుతురు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. 1/50 సెకను తెరిచి ఉంచితే ప్రతి ఫ్రేములోకీ సరిగ్గా రెండు పూర్తి ఎగుడుదిగుళ్ల వెలుతురు పడుతుంది, తేడా రాదు. ఫోన్లు మామూలుగా సెకనుకు 30 ఫ్రేముల్లో ఉంటాయి. ఫోనుతో తీస్తే 25 ఫ్రేములు, 1/50 ఎంచుకోనిచ్చే కెమెరా యాప్ వాడండి. 1/60 దగ్గర దీపాల కింద సన్నటి నీడ పట్టీలు మెల్లగా పైకో కిందికో పాకుతుంటాయి. వేగం పెంచి ఎక్కడో ఒక ఫ్రేము ఏరుకున్నప్పుడు ఆ పట్టీ ఒక్కోసారి ఒక్కో చోట దొరుకుతుంది. తీరు తెన్నూ లేని మినుకుమినుకు అలా పుడుతుంది.

ఎండలో 1/50 అంటే వెలుతురు మరీ ఎక్కువ. లెన్స్ ముందు ఎన్‌డీ 8 ఫిల్టర్ పెడితే వెలుతురు మూడు స్టాప్‌లు, అంటే మూడుసార్లు సగానికి సగం, తగ్గుతుంది, ఐఎస్‌ఓ 100 మీద f/8 దగ్గర కుదురుతుంది. తెల్ల మబ్బులుంటే f/9 మేలు. ముందు రోజు తొలేళ్ల నాడు అదే మేడ మీద, అదే వేళకు పది నిమిషాలు తీసి చూసుకుంటే ఎండ ఏ గోడ మీద పడుతుందో, సాయంత్రం ఏ సీరియల్ లైట్లు మినుకుమంటాయో తెలిసిపోతుంది. సిరిమాను కొస ఫ్రేము పైకి దాటిపోతుందేమో కూడా ఆ రోజే ఆలోచించుకోవాలి. కొస మీద కూర్చున్న పూజారి ఫ్రేములో లేకపోతే మిగతా ఎంత బాగా వచ్చినా లాభం లేదు.

సాయంత్రం సంగతి వేరు. అక్టోబరులో ఇక్కడ అయిదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. రెండు గంటల ఎండకీ ఆరు గంటల మసక వెలుతురుకీ మధ్య ఏడు స్టాప్‌లకు పైనే తేడా ఉంటుంది. ఒకే ఎక్స్‌పోజర్‌తో నాలుగు గంటలూ గట్టెక్కలేం. నాలుగున్నర దాకా దేన్నీ ముట్టుకోకండి. అక్కణ్నుంచి కెమెరాను చేత్తో తాకకుండా, ఫోన్‌లోని రిమోట్ యాప్ నుంచి ఐఎస్‌ఓను మూడో వంతు స్టాప్ చొప్పున పెంచుతూ రండి: 100, 125, 160, 200, అలా 3200 వరకు. మొత్తం 15 మెట్లు. గంటన్నరలో సగటున ఆరు నిమిషాలకొకటి, మొదట్లో అరుదుగా, చివర్లో తరచుగా. ఇది అయిదు స్టాప్‌లే కదా, మిగతావో అంటే, వాటిని వదిలేయాలి. చీకటి పడుతున్నప్పుడు బొమ్మ చీకటి పడకపోతే అది సాయంత్రంలా ఉండదు.

వేగం లెక్క

నాలుగు గంటలంటే 14,400 సెకన్లు, 3,60,000 ఫ్రేములు. నిమిషం బొమ్మకు కావలసినవి 1,500. అంటే 240 రెట్లు. ప్రతి 240 ఫ్రేముల్లో ఒకటి ఉంచి మిగతావి పారేస్తే చాలదా? చాలదు. రెండు ఫ్రేముల మధ్య 9.6 సెకన్లు గడుస్తాయి. ఆలోపు ఒక మనిషి పది మీటర్లు నడుస్తాడు. కంటికి అతను నడిచినట్టు కాదు, మాయమై ఇంకెక్కడో తేలినట్టు ఉంటుంది. పైగా ఒక్క ఫ్రేములో పట్టుబడిన మినుకు అంతా యథాతథంగా దిగుతుంది.

పారేసే ఫ్రేములను వాడుకోవడమే దీనికి దారి. ఆ 240 ఫ్రేముల నుంచి సమాన దూరంలో 30 ఏరి, వాటిలో వరసగా 15 ఫ్రేముల సగటు తీసి ఒక ఫ్రేము చేస్తాం. 30లో 15 ఎందుకంటే, సినిమా కెమెరాలో ఫ్రేము కాలంలో సగం సేపు షట్టర్ తెరిచి ఉండే పాత పద్ధతే కంటికి అలవాటు. 30కి 30 కలిపితే జనం మరీ పొగలా అయిపోతారు. ఈ సగటుతో కదలిక నున్నబడుతుంది, దీపాల మినుకు కూడా చాలామటుకు పోతుంది. జనరేటర్ మీద నడిచే దీపాలు సరిగ్గా 50 హెర్ట్జ్‌లో ఉండవు కాబట్టి 1/50 షట్టర్ వాటి మీద పూర్తిగా పనిచేయదు. వాటికి ఈ సగటే మందు.

దీనికి కమాండ్లతో నడిచే, ఉచితంగా దొరికే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాం చాలు. కెమెరా వీడియోను ముక్కలుగా రాస్తుంది కాబట్టి ముందు అతకాలి. `list.txt` అనే ఫైలులో ఒక్కో వరసకు ఒక్కో ముక్క పేరు `file 'C0001.MP4'` తీరులో రాసి:

```
ffmpeg -f concat -safe 0 -i list.txt -map 0:v -c copy full.mp4
```

తర్వాత అసలు పని:

```
ffmpeg -i full.mp4 -an -vf "fps=25/8,format=yuv420p10le,tmix=frames=15,select='eq(mod(n,30),29)',settb=1/25,setpts=N" -r 25 -c:v prores_ks -profile:v 3 lapse.mov
```

మొదటి `fps=25/8` ఎనిమిదింటికి ఒక ఫ్రేము ఉంచుతుంది. ఫ్రేములను లెక్కపెట్టి కాకుండా సమయం చూసి ఏరుతుంది గనక, ఫోన్లు అడపాదడపా ఫ్రేములు వదిలేసినా నడక దెబ్బతినదు. `tmix` 15 ఫ్రేముల సగటు తీస్తుంది, `select` ప్రతి ముప్పయ్యిలో చివరిది పట్టుకుంటుంది. 10 బిట్లకు మార్చింది ఆకాశం కోసం. 8 బిట్లలో సగటు తీసి ఆ తర్వాత వెలుతురు దిద్దితే నీలంలో మెట్లు మెట్లుగా చారలు తేలతాయి. `settb` ముక్కను అనవసరమనుకుని తీసేయకండి. అది లేకపోతే సమయాలు ముతక కొలతలోనే మిగిలిపోయి, ఒక్కో ఫ్రేము ఎనిమిదేసి సార్లు పడి వీడియో ఎనిమిది రెట్లు నెమ్మదిస్తుంది. మొత్తం మీద నడిపే ముందు `-i` కు ముందు `-t 600` పెట్టి మొదటి పది నిమిషాలు చూసుకోండి, రెండున్నర సెకన్ల బొమ్మ వస్తుంది.

ఇక సిరిమాను. అది ఫ్రేములో అయిదు నిమిషాలు ఉందనుకుంటే 240 రెట్లలో అది సెకనుంబావు మాత్రమే. జనమంతా ఎదురుచూసింది కనురెప్ప పాటులో వెళ్లిపోతుంది. ఆ ముక్కలకు `fps=25/8` బదులు `fps=25` అని పెడితే అదే కమాండ్ 30 రెట్ల వేగం ఇస్తుంది. అయిదు నిమిషాలు పది సెకన్లవుతుంది, మాను తూగడం కూడా కంటికి ఆనుతుంది. ముక్క ఎక్కడ మొదలవ్వాలో, ఎంతసేపో `-i` కు ముందు `-ss 01:35:00 -t 300` అన్నట్టు ఇవ్వాలి. 240 నుంచి ఒక్కసారిగా 30కి పడితే బ్రేకు వేసినట్టుంటుంది. మధ్యలో `25/4`తో అర సెకను, `25/2`తో ఇంకో అర సెకను ముక్కలు చేర్చండి. మొదటిదానికి ఒక నిమిషం, రెండోదానికి అర నిమిషం అసలు వీడియో ఖర్చవుతుంది. సిరిమాను మూడు మార్లు తిరుగుతుంది కాబట్టి మూడుసార్లూ వేగం తగ్గిస్తే మొత్తం నిడివి నిమిషంన్నర దగ్గర తేలుతుంది.

ఫ్లికర్ ఏ రకమో గోడను అడగడం

కంటితో చూసి ఫ్లికర్ ఉందని చెప్పగలం, ఎందుకో చెప్పలేం. ఫ్రేములో ఎప్పుడూ కదలని, ఎవరూ అడ్డురాని చోటు ఒకటి కావాలి. కోట గోడ ఉన్నది అందుకే. రెండు చోట్లు ఎంచండి: ఎండ పడే గోడ ముక్క ఒకటి, మధ్యాహ్నమంతా నీడలోనే ఉండే ముక్క ఒకటి. వీడియోలో ఒక ఫ్రేమును బొమ్మగా దాచి పెయింట్‌లో తెరిస్తే మౌస్ ఉన్నచోటి అంకెలు కింద కనిపిస్తాయి. ఆ ముక్క 200 వెడల్పు, 120 ఎత్తుతో, ఎడమ నుంచి 1500, పై నుంచి 180 దగ్గర మొదలైతే:

```
ffmpeg -i lapse.mov -vf "crop=200:120:1500:180,format=yuv420p,signalstats,metadata=print:key=lavfi.signalstats.YAVG:file=wall.txt" -f null -
```

ఒక్కో ఫ్రేముకు గోడ వెలుతురు 16 నుంచి 235 మధ్య ఒక అంకెగా `wall.txt` లోకి వస్తుంది. `YAVG` ఉన్న వరసలను ఎక్సెల్‌లో వేసి గీత గీయించండి. రెండో గోడ ముక్కకు కూడా అలాగే. ఫైలు పేరు మార్చడం మరవకండి, లేకపోతే మొదటిది చెరిగిపోతుంది.

పక్కపక్క ఫ్రేముల్లో గీత పైకీ కిందికీ సన్నగా ముళ్లలా ఉంటే, అదీ దీపాలు వెలిగిన తర్వాతే మొదలైతే, అది కరెంటు దీపాల మినుకు. ఉన్నట్టుండి మెట్టెక్కి అక్కడే నిలిస్తే ఐఎస్‌ఓ మార్చిన చోటు. మామూలు పిక్చర్ ప్రొఫైల్‌లో గోడ 112 దగ్గర ఉంటే మూడో వంతు స్టాప్‌కు సుమారు 10 అంకెలు పెరుగుతుంది. ఆ మెట్టు తర్వాత పొద్దు వాలుతున్న కొద్దీ గీత మెల్లగా దిగి, మళ్లీ మెట్టెక్కుతుంది. గీతంతా రంపపు పళ్లలా ఉంటుంది.

తికమక పెట్టేవి మబ్బు, ఆటో ఎక్స్‌పోజర్. రెండింటిలోనూ ఎండ గోడ గీత పడి లేస్తుంది. తేడా నీడ గోడ చెబుతుంది. ఎక్స్‌పోజర్ కట్టేసి ఉంటే, సూర్యుడికి మబ్బు అడ్డొచ్చినప్పుడు ఎండ గోడ బాగా పడుతుంది, నీడ గోడ పెద్దగా కదలదు. ఆటోలో ఉంటే, మబ్బు అడ్డొచ్చిన మరుక్షణం కెమెరా వెలుతురు పెంచుతుంది, నీడ గోడ ఎదురు తిరిగి పైకి లేస్తుంది. మబ్బే లేకుండా రెండు గోడలూ కలిసి దిగుతుంటే, ఆ క్షణంలో రోడ్డు చూడండి. నల్లటి గొడుగుల బదులు తెల్ల చొక్కాల జనం నిండి ఉంటే గోడలు దిగుతాయి, అంటే కెమెరా జనానికి తగ్గట్టు తనను సర్దుకుంటోందన్నమాట. ఆటో సర్దుబాటుకు ఒకటి రెండు సెకన్లు చాలు, మన ఒక ఫ్రేము 9.6 సెకన్లది. అందుకే అది మెల్లగా కాక తుళ్లినట్టు కనిపిస్తుంది.

దిద్దడం

```
ffmpeg -i lapse.mov -vf "deflicker=size=9:mode=median" -c:v libx264 -crf 16 -pix_fmt yuv420p final.mp4
```

ఈ ఫిల్టర్ ప్రతి ఫ్రేము సరాసరి వెలుతురు కొలిచి, దానితో మొదలై వరసగా వచ్చే తొమ్మిది ఫ్రేముల నడిమి విలువకు సరిచేస్తుంది. సగటు కాకుండా నడిమి విలువ ఎందుకంటే, ఎవరో ఫ్లాష్ కొట్టిన ఒక్క ఫ్రేము మిగతా ఎనిమిదింటినీ లాగేయకుండా ఉండటానికి. ఎన్ని ఫ్రేములు చూడాలో చెప్పే `size` అంకే దీని కిటికీ. ముళ్ల రకం ఫ్లికర్‌కు 5 లేదా 9 చాలు. రంపపు పళ్ల రకానికి కిటికీ ఒక పన్ను పొడవుండాలి, అప్పుడు సగటే పనికొస్తుంది. ఆరు నిమిషాలకొక మెట్టు అంటే 240 రెట్ల వేగంలో 37 ఫ్రేములు. అందుకని నాలుగున్నర తర్వాతి భాగాన్ని విడిగా కోసి `size=37:mode=am` తో నడపండి. చివర్లో మెట్లు దగ్గరపడిన చోట 20 సరిపోతుంది. గరిష్ఠం 129. అంతదాకా పోనక్కర్లేదు, పోతే పొద్దు గూకడం చప్పబడుతుంది.

ఈ ఫిల్టర్‌కు ఒక గుడ్డితనం ఉంది. అది గోడను చూడదు, ఫ్రేము మొత్తాన్ని చూస్తుంది. సిరిమాను వెంట జనం రోడ్డు నిండా రాగానే ఫ్రేము సరాసరి మారిపోతుంది, ఫిల్టర్ దాన్ని ఫ్లికర్ అనుకుని దిద్దుతుంది. ఫలితంగా కోట, ఆకాశం వెలుతురు ఊగుతాయి. ఎక్స్‌పోజర్ కట్టేసి తీసిన మధ్యాహ్నం ముక్కలకు, ముఖ్యంగా 30 రెట్ల ముక్కలకు దీన్ని వేయకపోవడమే మంచిది. అక్కడ దిద్దాల్సిందేమీ లేదు. మబ్బు నీడను కూడా వదిలేయమనే మా సలహా. రోడ్డు మీద నీడ పాకి వెళ్లడం నిజంగా జరిగింది, చూసేవాళ్లకు అది తప్పులా అనిపించదు.

ఆటో ఎక్స్‌పోజర్‌తో తీసిన వీడియో చేతికొస్తే పని కష్టం. జనం వల్ల వచ్చిన మార్పు, కెమెరా చేసిన మార్పు ఒకే సరాసరిలో కలిసిపోయి ఉంటాయి, ఫిల్టర్ విడదీయలేదు. నీడ గోడ గీతను పక్కన పెట్టుకుని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేత్తో కీఫ్రేములు పెట్టాలి: గీత 112 నుంచి 122కు లేచిన చోట మూడో వంతు స్టాప్ దించడం, దిగిన చోట ఎత్తడం. నిమిషం బొమ్మకు ఇది ఒక సాయంత్రం పని. డావిన్చీ రిజాల్వ్ స్టూడియోలోని డీఫ్లికర్‌కు టైమ్‌ల్యాప్స్ అనే సెట్టింగ్ ఉంది, డబ్బు పెట్టి కొన్నవాళ్లు ముందు దాన్ని ప్రయత్నించి, మిగిలినదాన్ని చేత్తో దిద్దుకోవచ్చు. ఆకాశం పూర్తిగా తెల్లబారిపోయిన చోట మాత్రం ఏదీ పనిచేయదు. అక్కడ వెనక్కి తేవడానికి వివరమే లేదు, దించితే బూడిద రంగు వస్తుంది.

దిద్దిన తర్వాత అదే గోడ ముక్క మీద కొలత కమాండ్‌ను మళ్లీ నడపండి. పక్కపక్క ఫ్రేముల మధ్య తేడా 2 లోపు ఉంటే కంటికి దాదాపు ఆనదు. 3, 4 ఉంటే నున్నటి గోడ మీద, ఆకాశంలో తెలుస్తుంది, జనం మీద తెలియదు. అలాంటప్పుడు కిటికీ ఇంకా పెంచబోయే ముందు ఆ చోట `tmix` లెక్కను 15 నుంచి 24కు పెంచి చూడండి. దీపాల మినుకైతే అక్కడే తగ్గుతుంది.